చెవికి ముందు, కంటికి తర్వాత

ఇంట్లో కూచుని పేపరు చదువుకుంటుంటే వీధిలోంచి "ఉల్లిపాయలోయ్" అన్న కేక వినిపిస్తుంది. తలెత్తి చూస్తే గేటు అవతల బండి కనిపిస్తుంది. ముందు చెవి, తర్వాత కన్ను. వీడియో ఎడిటింగులో దీన్నే జె కట్ అంటారు. తర్వాతి దృశ్యం తాలూకు శబ్దం ముందే వచ్చేస్తుంది, బొమ్మ కాస్త ఆగి వస్తుంది.

దీనికి తిరగేసినది ఎల్ కట్. గుళ్లో హరికథ వింటూ మధ్యలో లేచి బయటికొస్తాం. మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే దాసుగారి గొంతు మైకులో ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. బొమ్మ మారిపోయింది, పాత శబ్దం మాత్రం సాగుతోంది.

ఇక జంప్ కట్. హైదరాబాద్‌లో విజయవాడ బస్సెక్కారనుకోండి. సూర్యాపేట దాటాక కునుకు పట్టింది. అప్పటికి పక్క సీటాయన చేతిలో ఒలవని బత్తాయి ఉంది. కళ్లు తెరిచేసరికి కోదాడ. అదే సీటు, అదే మనిషి, ఒళ్లో తొక్కలు. మధ్యలో జరిగింది మనం చూడలేదు. ఒకే చోటు నుంచి తీసిన ఒకే మనిషి బొమ్మలో మధ్య ముక్క తీసేసి రెండు చివర్లూ అతికిస్తే తెర మీద సరిగ్గా ఇలాగే ఉంటుంది. మనిషి తల టక్కున ఒక పక్కకి గెంతినట్టు కనిపిస్తుంది.

పెళ్లి వీడియోలూ ఇంటర్వ్యూలూ ఎడిట్ చేసి బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఈ మూడింటి గురించి కొత్తవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. పేర్లు అయిదు నిమిషాల్లో వచ్చేస్తాయి. ఎప్పుడు ఏది వాడాలన్నదే అసలు చిక్కు. ఈ వేసవిలో మా పిన్ని కొడుకు చేసిన ఒక వీడియో చూశాక, ఆ ఒక్క వీడియోతోనే మొత్తం చెప్పొచ్చు అనిపించింది.

మావాడు ఈమధ్యే ఎడిటింగ్ మొదలుపెట్టాడు. మా మేనత్తకి 70 ఏళ్లు నిండుతున్నాయని, ఆవిడ ఆవకాయ పెడుతుండగా కబుర్లు చెప్పించి వీడియో తీశాడు. కెమెరా ఒక్కటే, స్టాండు మీద. అత్తయ్య చీర కొంగుకి చిన్న మైకు. మొత్తం 42 నిమిషాల కబుర్లు. అవికాక కాయలు కొట్టడం, ముక్కలు గుడ్డతో తుడవడం, పొయ్యి, జాడీ, పిండి కలిపే చేతులు, ఇలా కొన్ని విడి షాట్లు కూడా తీసి పెట్టుకున్నాడు. వాటన్నిటినీ ఆరు నిమిషాలకి కుదించాలి.

మొదటి ప్రయత్నంలో వాడు అత్తయ్య మాటల్లో దగ్గులూ, "అదేంటదీ" అని వెతుక్కోవడాలూ, పదే పదే చెప్పినవీ తీసేసి అతికించుకుంటూ పోయాడు. వినడానికి బాగానే ఉంది. చూస్తే మాత్రం ప్రతి పది సెకన్లకీ అత్తయ్య తల గెంతుతోంది.

"అన్నయ్యా, యూట్యూబులో అందరూ ఇలాగే చేస్తున్నారు కదా, ఇక్కడెందుకు బాగాలేదు?" అన్నాడు.

మంచి ప్రశ్నే. యూట్యూబులో కెమెరా వైపు చూస్తూ గబగబా మాట్లాడే కుర్రాడికి జంప్ కట్ అతుకుతుంది. అతని మాట వేగమే అంత. పైగా కట్లు వరసగా పడుతుంటాయి కాబట్టి రెండు మూడు చూసేసరికి, ఇది ఈ వీడియో పద్ధతి అని చూసేవాళ్లకి అర్థమైపోతుంది. జంప్ కట్ ఒక్కటే వస్తే తప్పులా కనిపిస్తుంది, వరసగా వస్తే కావాలని చేసినట్టు కనిపిస్తుంది. 1960లో వచ్చిన ఫ్రెంచి సినిమా 'బ్రెత్‌లెస్'లో దర్శకుడు గొడార్డ్ చేసింది ఇదే. సినిమా నిడివి ఎక్కువైందని షాట్ల మధ్యలోంచే ముక్కలు తీసేశాడు. కారులో కూచున్న అమ్మాయి అలాగే ఉంటుంది, వెనకాల వీధులు మాత్రం గెంతుతూ మారిపోతుంటాయి. అన్నిసార్లు జరిగేసరికి అది ఆ సినిమాకి ఒక నడకగా మారింది.

అత్తయ్య అలా మాట్లాడే మనిషి కాదు. ఒక మాట అని, చేతిలో ముక్క తుడిచి, మరో మాట అంటుంది. ఆ నెమ్మది మీద గెంతులు పడితే ఆవిడ మాట మనం వినం, గెంతులే చూస్తాం.

అలాగని ఈ వీడియోలో జంప్ కట్‌కి చోటు లేదని కాదు. కాయలు కొట్టడం దాదాపు అరగంట పని. స్టాండు కదపకుండా తీసిన షాట్ ఉంది. దాంట్లోంచి అయిదు ముక్కలు తీసుకున్నాం. పళ్లెంలో నాలుగు ముక్కలు, ఠక్. అడుగు నిండింది, ఠక్. సగానికొచ్చింది, ఠక్. ప్రతి కట్‌నీ కత్తి దెబ్బ శబ్దం మీదే వేశాం. ఒక్కో ముక్క సెకనున్నర. అరగంట పని ఎనిమిది సెకన్లలో అయిపోయింది, కాలం గడిచిందని ఎవరూ చెప్పక్కర్లేదు. జంప్ కట్ కాలాన్ని మింగేస్తుంది. మనకి కావల్సింది కూడా అదే అయినప్పుడు అంతకన్నా సులువైన పద్ధతి లేదు.

మాటల దగ్గర గెంతు కనపడకూడదంటే ఒక చిన్న ఉపాయం ఉంది. కట్‌కి ఒక పక్క బొమ్మని పెద్దది చెయ్యడం. నడుము దాకా ఉన్న అత్తయ్య, కట్ తర్వాత భుజాల దాకా కనిపిస్తే, రెండో కెమెరా ఉందేమో అనుకుంటాం. కొంచెమే పెంచితే పనికిరాదు. నూటికి 110 చేస్తే గెంతు అలాగే ఉంటుంది, పైగా వణికినట్టుంటుంది. 130, 140 దాకా వెళ్లాలి. 4కెలో తీసి 1080లో ఇస్తున్నాం అంటే బొమ్మ రెట్టింపు చేసినా నాణ్యత పోదు. తియ్యడమే 1080లో తీస్తే మాత్రం అంత పెంచినప్పుడు బొమ్మ మెత్తబడిపోతుంది. ఈ ఉపాయం మూడు నాలుగు సార్లకి మించి వాడితే చూసేవాళ్లు పసిగట్టేస్తారు కూడా.

ఇప్పుడు జె, ఎల్. ఈ పేర్లు టైమ్‌లైన్ మీద క్లిప్పులు కనిపించే ఆకారాన్ని బట్టి వచ్చాయి. పైన బొమ్మ, కింద శబ్దం ఉంటాయి కదా. రెండో క్లిప్పు శబ్దం బొమ్మకన్నా ముందే మొదలైతే, కింద ఎడమవైపు ఒక తోక వస్తుంది. ఇంగ్లీషు జె అక్షరానికి ఉండే వంపు లాగా. మొదటి క్లిప్పు శబ్దం దాని బొమ్మ అయిపోయాక కూడా సాగితే, కింద కుడివైపు పాదం చాపినట్టు ఉంటుంది. అది ఎల్.

చెయ్యడానికి నేను మావాడికి చెప్పిన వరస ఇది. ముందు మామూలు కట్ వెయ్యి, బొమ్మా శబ్దం ఒకేచోట మారేలా. కళ్లు మూసుకుని విను. మాటకీ మాటకీ మధ్య ఊపిరి సరిపోయిందా లేదా చూసుకో. శబ్దం కుదిరాక దాన్ని ఇక ముట్టుకోకు. ఇప్పుడు బొమ్మ కట్‌ని మాత్రమే జరుపు. కుడివైపు జరిపితే పాత బొమ్మ ఇంకాసేపు ఉంటుంది, దాని మీద కొత్త శబ్దం మొదలవుతుంది. జె కట్ అయిపోయింది. ఎడమవైపు జరిపితే కొత్త బొమ్మ ముందే వస్తుంది, పాత మాట దాని మీద సాగుతుంది. ఎల్ కట్ అయిపోయింది.

ప్రీమియర్‌లో అయితే N నొక్కి రోలింగ్ ఎడిట్ పరికరం తీసుకుని, Alt పట్టుకుని బొమ్మ కట్‌ని లాగాలి. రిజాల్వ్‌లో గొలుసు గుర్తుండే లింక్ మీటని ఆపేసి, బొమ్మ కట్‌ని మాత్రం పట్టుకుని లాగాలి. ఇలా చేస్తే వీడియో నిడివి మారదు, పెదాలకీ మాటకీ పొత్తు చెడదు. కొత్తవాళ్లు బొమ్మనీ శబ్దాన్నీ విడదీసి, ఒకదాన్ని మొత్తంగా పక్కకి నెట్టేస్తారు. అక్కణ్ణుంచి చివరిదాకా పెదాలు ఒకటి, మాట ఇంకొకటి అయిపోతాయి. ప్రీమియర్‌లో క్లిప్పు మీద ఎర్ర గడిలో అంకె కనిపిస్తే ఇదే జరిగిందన్నమాట. ఎన్ని ఫ్రేములు తప్పిందో ఆ అంకె చెబుతుంది.

ఎంత జరపాలి? మన వీడియో సెకనుకి 25 ఫ్రేములు. మూడు నాలుగు ఫ్రేములే జరిపితే అది ఎల్ కట్ అని ఎవరూ అనుకోరు, లిప్ సింక్ పోయిందనుకుంటారు. కనీసం అర సెకను, అంటే పన్నెండు ఫ్రేములు కావాలి. సెకను, సెకనున్నర హాయిగా ఉంటుంది. జరపడానికి క్లిప్పులో అటూ ఇటూ సరుకు మిగిలి ఉండాలన్నది గుర్తుంచుకోవాలి. కెమెరా ఆన్ చేసిన క్షణంలోనే మాట మొదలైపోతే, దానికి ముందు వాడుకోవడానికి బొమ్మేం ఉంటుంది? అందుకే తీసేటప్పుడే ముందో అయిదు సెకన్లు, వెనకో అయిదు సెకన్లు ఊరికే నడవనివ్వాలి.

ఇంకో సంగతి. అత్తయ్య మొహం నుంచి అదే అత్తయ్య మొహానికి జె కట్ వేస్తే పని జరగదు. నోరు మూసుకున్న బొమ్మ మీద ఆవిడ గొంతే వినిపిస్తే దయ్యం మాట్లాడినట్టుంటుంది. మధ్యలో వేరే బొమ్మ కావాలి. విడిగా తీసిపెట్టుకున్న జాడీ, పొయ్యి, చేతులు అక్కరకొచ్చేది అప్పుడే.

మావాడు ఇవన్నీ పట్టేశాడు. రెండోసారి పంపిన వీడియోలో ఒక్క గెంతు లేదు. అత్తయ్య మాట, చేతుల బొమ్మ, మాట సాగుతూనే జాడీ, మళ్లీ అత్తయ్య. నేనూ సంతోషంగా చూస్తున్నాను. మూడో నిమిషంలో అత్తయ్య ఇలా అంది: "మా అత్తగారు మొదటి ఏడాది నన్ను ఆవకాయ ముట్టుకోనివ్వలేదు. నేనే పట్టుబట్టి నేర్చుకున్నాను."

రెండో వాక్యం జాడీ బొమ్మ మీద వచ్చింది. చక్కటి ఎల్ కట్. అతుకు ఎక్కడుందో నాకే కనపడలేదు. కానీ మాట మీద అనుమానం వచ్చింది. అత్తయ్య తన అత్తగారి గురించి అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

"ఒరేయ్, ఇక్కడ అసలు ఏమంది?" అని అడిగి, 42 నిమిషాల అసలు రికార్డింగు తెరిపించాను.

అసలు జరిగింది ఇదీ. "మొదటి ఏడాది ముట్టుకోనివ్వలేదు" అన్నాక కుక్కర్ విజిల్ వేసింది. అత్తయ్య లేచి పొయ్యి తగ్గించి, తొమ్మిది సెకన్ల తర్వాత వచ్చి కూచుని అంది: "కొత్త పెళ్లికూతురివి, కారంతో చేతులు మండుతాయే పిల్లా అని పక్కన కూచోబెట్టి చూపించింది. మా అమ్మ కూడా అంత ఓపిగ్గా చెప్పలేదు."

కూచునే చోటు మారి గెంతు వస్తోందని మావాడు ఈ రెండో ముక్క వదిలేశాడు. "నేనే పట్టుబట్టి నేర్చుకున్నాను" అన్నది ఇరవై నిమిషాల తర్వాత కుట్టుమిషను గురించి చెప్పిన మాట. ఇక్కడ బాగా అతికిందని తెచ్చి పెట్టాడు. వాడి మనసులో ఏ కల్మషమూ లేదు. మాట నడక చూసుకున్నాడు, అంతే. కానీ ఆ వీడియో రేపు పుట్టినరోజు నాడు అత్తయ్య ఆడపడుచులు కూడా చూస్తారు. పోయిన తల్లి గురించి వదిన ఇలా అందా అని వాళ్లు అనుకుంటే, ఎడిటింగులో అలా అయిందని ఎవరు చెబుతారు? చెప్పినా ఎవరు నమ్ముతారు? గొంతు ఆవిడదే, మాటలూ ఆవిడవే.

ఇక్కడే ఈ మూడు కట్ల అసలు తేడా బయటపడింది. ఆ రెండు వాక్యాల మధ్య మొదట్లో ఉన్న జంప్ కట్ అలాగే ఉండుంటే, తల గెంతేది. ఇక్కడేదో తీసేశారని చూసేవాళ్లకి తెలిసేది. జంప్ కట్ వికారంగా ఉన్నా దాని గాటు పైకే కనిపిస్తుంది. ఎల్ కట్ కింద జాడీ బొమ్మ పరిస్తే ఆ గాటు పూర్తిగా కప్పడిపోతుంది. దానివల్ల మాట సాఫీగా సాగుతుంది, నిజమే. ఆ సాఫీతనమే చూసేవాడికి అనుమానం రానివ్వదు.

ఆ చోటుని మళ్లీ కట్టాం. అత్తయ్య మొహం మీద మొదటి వాక్యం. "ముట్టుకోనివ్వలేదు" అన్నాక ఒక సెకను అలాగే ఉంచాం. ఆ మౌనంలో, బొమ్మ మారకముందే, కుక్కర్ విజిల్ మొదలవుతుంది. అత్తయ్య కళ్లు పక్కకి తిరుగుతాయి. అప్పుడు పొయ్యి బొమ్మ. మొదటి జె కట్. పొయ్యి రెండున్నర సెకన్లు కనిపిస్తుంది. అందులో చివరి సెకను మీద అత్తయ్య గొంతు మొదలవుతుంది, "కొత్త పెళ్లికూతురివి..." అని. తర్వాత ఆవిడ మొహం. రెండో జె కట్. మారిన చోటు ఇప్పుడు ఎవరికీ గెంతులా కనపడదు, లేచి వెళ్లొచ్చిందని తెలిసిపోయింది కాబట్టి. "పక్కన కూచోబెట్టి చూపించింది" అన్న మాట సగంలో పిండి కలుపుతున్న చేతులకి మారాం. గొంతు సాగుతూనే ఉంది. ఎల్ కట్. ఇన్నేళ్ల కిందట అత్తగారు చూపించిన పనే ఆ చేతులు చేస్తున్నాయి.

తొమ్మిది సెకన్ల ఖాళీ నాలుగుకి లోపే తగ్గింది. విజిల్‌ని తీసిపారెయ్యకుండా దాన్నే దారిగా వాడుకున్నాం. మాట మాత్రం ఆవిడ చెప్పిందే, చెప్పిన వరసలోనే ఉంది.

ఒక చిన్న చిక్కు మిగిలింది. అత్తయ్య మైకులో ఫ్యాను హోరు ఉంది. పొయ్యి షాట్‌లో ఫోను మైకుకి అది లేదు. బొమ్మ మారినప్పుడల్లా హోరు వచ్చి పోతుంటే, ఎంత మంచి ఎల్ కట్ వేసినా అతుకు చెవికి తెలిసిపోతుంది. దీనికి మందు తీసేటప్పుడే వేసుకోవాలి. ఎవరూ మాట్లాడకుండా, ఫ్యాను అలాగే తిరుగుతుండగా ఆ గది నిశ్శబ్దాన్ని అరనిమిషం రికార్డు చేసి పెట్టుకోవాలి. మావాడు తియ్యలేదు. అత్తయ్య ముక్కలు తుడుస్తూ ఏమీ మాట్లాడని చోట్లు వెతికి, కొన్ని సెకన్ల హోరు పట్టుకుని ఇంకో ట్రాకులో కింద పరిచాం. మాట మొదలయ్యే, ముగిసే చోట్ల మూడు నాలుగు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ వేస్తే టిక్కుమన్న చప్పుడూ పోయింది.

ఇప్పుడు మావాడు ఏ వీడియో అయినా పంపేముందు రెండుసార్లు చూస్తాడు. ఒకసారి శబ్దం ఆపేసి బొమ్మ మాత్రమే. గెంతులు దొరుకుతాయి. ఒకసారి కళ్లు మూసుకుని శబ్దం మాత్రమే. హోరు తెగిన చోట్లు, ఊపిరి మింగేసిన చోట్లు దొరుకుతాయి. ఇవి రెండూ ఏ ఎడిటరైనా చెబుతాడు. మూడోది మేం చేర్చుకున్నాం. వేరే బొమ్మ కింద మాట అతికిన ప్రతిచోటా ఆ బొమ్మని కాసేపు తీసేసి, కింద ఉన్న జంప్ కట్‌ని బయటపెట్టి చూడటం. అక్కడ తల గెంతినా మాట అర్థం గెంతకపోతే, బొమ్మ మళ్లీ కప్పెయ్యొచ్చు. అర్థం కూడా గెంతుతుంటే అసలు రికార్డింగుకి వెళ్లి మధ్య ముక్క తెచ్చుకోవాలి. అది దొరక్కపోతే జంప్ కట్‌ని అలాగే వదిలెయ్యడం మేలు. ఇక్కడ ఏదో పోయిందని చూసేవాళ్లకైనా తెలుస్తుంది.